మొదటి మూడు లైన్లలో ఏం చెప్పాలి: విశాఖ చేపల యాప్ వివరణను తిరగరాసిన వైనం

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు కొని, శుభ్రం చేసి, కోసి, ఉదయాన్నే ఇళ్ళకు చేర్చే ఒక చిన్న సంస్థ తన యాప్ కోసం ప్లే స్టోర్‌లోనూ యాప్ స్టోర్‌లోనూ పెట్టిన వివరణను తిరగరాయమని నాకు అప్పగించింది. యాప్ పేజీని తెరిచి చూసేవారికి కొరత లేదు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మధురవాడ వైపు ప్రకటనలు బాగానే పని చేస్తున్నాయి. అయితే పేజీ దాకా వచ్చినవారిలో చాలామంది దించుకోకుండానే వెళ్ళిపోతున్నారు. ఐకాన్, స్క్రీన్‌షాట్లు అంతకుముందే మార్చి చూశారు. ఇక మిగిలింది మాటలే. వ్యాపార వివరాలు కనుక సంస్థ పేరును, దాని అసలు అంకెలను ఇక్కడ ఇవ్వడం లేదు. పని జరిగిన తీరును, నిర్ణయాల వెనుక ఉన్న కారణాలను మాత్రం దాచుకోకుండా రాస్తున్నాను.

ముందుగా, పేజీలో పాఠకుడి కంటికి నిజంగా కనబడేది ఎంత అన్నది చూడాలి. ప్లే స్టోర్‌లో పూర్తి వివరణకు 4000 అక్షరాల దాకా చోటు ఉన్నా, యాప్ పేజీ తెరిచినప్పుడు కనబడేది 80 అక్షరాల షార్ట్ డిస్క్రిప్షన్ మాత్రమే. మిగతాది చదవాలంటే పక్కనున్న బాణం గుర్తును తాకాలి. యాప్ స్టోర్‌లో షార్ట్ డిస్క్రిప్షన్ అనేదే లేదు. అక్కడ వివరణలోని మొదటి మూడు లైన్లు కనబడి, ఆ తరువాత ‘మరింత’ అన్న మాట దగ్గర ఆగిపోతుంది. 170 అక్షరాల ప్రమోషనల్ టెక్స్ట్ పెడితే అది వివరణకు పైన చేరుతుంది కనుక, ఆ మూడు లైన్లనూ అదే ఆక్రమిస్తుంది. 4000 అక్షరాల వ్యాసం రాశామన్న తృప్తి రాసినవారికి ఉండవచ్చు కానీ, చూసేవారికి అందులో తొలి ఒకటి రెండు వాక్యాలే అందుతాయి.

ఆ ఒకటి రెండు వాక్యాల్లో మా సంస్థ ఏం చెబుతూ వచ్చిందో చూద్దాం. ప్లే స్టోర్ తెలుగు పేజీలో ఉన్న షార్ట్ డిస్క్రిప్షన్ ఇది:

“వైజాగ్‌లో తాజా, నాణ్యమైన సముద్ర చేపలు మీ ముంగిటికే. ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి!”

ఇది సరిగ్గా 80 అక్షరాలు. ఇక్కడ అక్షరం అంటే మనం పలికే అక్షరం కాదు. గుణింతపు గుర్తు ఒకటిగా, ఒత్తు కోసం వాడే పొల్లు ఒకటిగా, సున్న ఒకటిగా లెక్కకు వస్తాయి. ‘విశాఖపట్నం’ అన్న మాటలో మనకు ఐదు అక్షరాలే వినబడినా స్టోర్ లెక్కలో అది పది. ‘వైజాగ్‌లో’, ‘డౌన్‌లోడ్’ వంటి మాటల్లో పొల్లు హల్లును విడిగా చూపడానికి టైప్ చేసే కనబడని గుర్తు కూడా ఒక అక్షరంగా లెక్కకు వస్తుంది. అందువల్ల తెలుగు పేజీలో చోటు మనం ఊహించిన దానికంటే వేగంగా నిండిపోతుంది. ఈ లెక్కన పై వాక్యాన్ని తూచి చూస్తే ‘ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి!’ అన్న భాగం ఒక్కటే 28 అక్షరాలు తినేసింది. ఇన్‌స్టాల్ బటన్ అదే పేజీలో, ఆ వాక్యానికి పైనే ఉంటుంది. బటన్ చెబుతున్న మాటను మళ్ళీ చెప్పడానికి మూడో వంతు చోటు ఖర్చయింది. పైగా, దించుకోండి అని పురమాయించే మాటలు షార్ట్ డిస్క్రిప్షన్‌లో వద్దని గూగుల్ తన సూచనల్లో చెబుతూనే ఉంది.

మిగిలిన 52 అక్షరాల్లో ఉన్నవి తాజా, నాణ్యమైన, ముంగిటికే అన్న మాటలు. చేపలు, మాంసం ఇంటికి చేర్చే ఇతర యాప్‌ల పేజీలు తెరిచి వాటి తొలి వాక్యాలను ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నాను. దాదాపు ప్రతి వాక్యంలోనూ ‘తాజా’ ఉంది. అందరూ చెప్పే మాట అబద్ధం కానక్కరలేదు, కానీ దాన్ని చదివి ఒక యాప్‌ను వదిలి మరొక యాప్‌ను ఎంచుకునే వీలు పాఠకుడికి లేదు. చేప తాజాగా ఉందో లేదో తెలిసేది మొప్ప ఎత్తి చూస్తేనో వేలితో నొక్కి చూస్తేనో తప్ప తెర మీద చదివితే కాదు.

యాప్ స్టోర్‌లోని వివరణ ఇంగ్లిషులోనే ఉంది. దాని తొలి మూడు లైన్లు నమస్కారంతో మొదలై, సంస్థను ఎవరు, ఏ ఉద్దేశంతో స్థాపించారో చెబుతుండగానే ఆగిపోయేవి. ‘చేప’ అన్న మాట నాలుగో లైనులో వచ్చేది.

దించుకోవడానికి అన్నిటికంటే బలమైన కారణం ఏది అన్న ప్రశ్న దగ్గర ఎక్కువ కాలం పనిచేశాను. ఈ కేసులో తక్కినదంతా దాని మీదనే ఆధారపడింది. సాధారణంగా ఈ ప్రశ్న వచ్చినప్పుడు ఐదు నక్షత్రాల సమీక్షలు తిరగేసి, అందులో ఎక్కువసార్లు వచ్చిన పొగడ్తను పైకి తెస్తారు. మా సంస్థ యజమాని కూడా అదే సూచించారు. ఆ సమీక్షల్లో రుచిని మెచ్చుకున్నవారు, ఇంటికి తెచ్చే కుర్రాళ్ళ మర్యాదను మెచ్చుకున్నవారు ఎక్కువ. అవి నిజమైన మెప్పులే, కానీ అవి ఇప్పటికే కొని, తిని, అలవాటు పడినవారి మాటలు. పేజీ ముందు నిలబడి తటపటాయిస్తున్న మనిషి మనసులో ఉన్న ప్రశ్న వేరు. ఆ ప్రశ్న దొరికేది సమీక్షల్లో కాదు, మొదటి ఆర్డర్‌కు ముందు వచ్చిన ఫోన్ కాల్స్‌లో.

సంస్థలో ఫోన్లు తీసే అమ్మాయి ఒక నోటు పుస్తకంలో కాల్స్ రాసి పెట్టేది. అందులో ఇంకా ఒక్క ఆర్డర్ కూడా పెట్టనివారు అడిగినవి మాత్రమే వేరు చేయించాను. మా ఏరియాకు వస్తారా అన్న ప్రశ్న ఎలాగూ ఉంటుంది. దాని తరువాత పదే పదే కనబడింది తూకం గురించిన ప్రశ్న. ఒక పెద్దావిడ అడిగిన మాటను ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు రాసుకుంది: “చేపగా తూస్తారా అమ్మా, ముక్కలుగా తూస్తారా? మొన్న ఎక్కడో కిలోన్నర తీసుకుంటే ఇంటికొచ్చి చూస్తే కిలో కూడా లేదు.”

విశాఖలో చేప కొనేవారికి ఈ అనుభవం కొత్త కాదు. బజారులో చేపను నిండుగా తూచి ధర కడతారు. ఆ తరువాత పొలుసు తీసి, పొట్ట తీసి, రెక్కలు కత్తిరించి ముక్కలు కోస్తారు, దానికి విడిగా కూలి తీసుకుంటారు. ఇంటికి చేరే బరువు కాటా మీద చూసిన బరువు కాదు. బజారులో ఎదురుగా కోయించుకుంటాం కనుక ఆ తేడా ఎక్కడ పోయిందో కంటికి తెలుస్తుంది. యాప్‌లో ఆ ఎదురు లేదు. అక్కడే అనుమానం మొదలవుతుంది.

మా సంస్థ మొదటి నుంచీ కడిగి కోశాక తూచిన బరువుకే డబ్బు తీసుకుంటోంది. కాటా మీద ముక్కలు ఉండగా ఫొటో తీసి కొనుగోలుదారుకు పంపుతోంది కూడా. ఈ సంగతి వివరణలో పదిహేడో పేరాలో, ‘మా ప్రత్యేకతలు’ అన్న పట్టికలో ఉదయపు డెలివరీ, ఆఫర్లు, రివార్డు పాయింట్ల తరువాత ఉంది. అంటే, జనం ఫోన్ చేసి మరీ అడుగుతున్న ప్రశ్నకు జవాబు పేజీలో ఉంది కానీ ఎవరికీ కనబడనంత కింద ఉంది.

ఈ వాక్యాన్ని పైకి తెస్తానన్నప్పుడు యజమాని వెంటనే ఒప్పుకోలేదు. “తాజా అన్న మాటే తీసేస్తే ఎలాగండీ, చేపల వ్యాపారం కదా” అన్నారు. ఆయన రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. కోసిన బరువుకు ధర కడితే కిలో ధర ఎక్కువగా కనబడుతుంది. ఉదాహరణకు బజారులో కిలో రూ.600 చొప్పున కిలోన్నర వంజరం కొంటే రూ.900 అవుతుంది. శుభ్రం చేశాక కిలో ముక్కలు మిగిలాయనుకుంటే ఆ ముక్కలు కిలో రూ.900 పడినట్టే. కానీ యాప్‌లో రూ.900 అన్న అంకె చూసినవారు దాన్ని బజారులోని రూ.600తో పోల్చుకుంటారు. తూకం మాట చెప్పి దించుకునేలా చేసి, లోపలికి రాగానే ధర చూసి బెదిరిపోతే అది దించుకోవడం కాదు, దించి తీసేయడం. ఈ అభ్యంతరాన్ని నేను పక్కన పెట్టలేదు. పరీక్షలో దేన్ని కొలవాలన్నది దీని ఆధారంగానే నిర్ణయించాను.

అంతకంటే ముందు ఇంకో పని ఉంది. మొదటి వాక్యంలో పెట్టే మాట ప్రతి ఆర్డర్‌లోనూ నిజమై తీరాలి. పదిహేడో పేరాలో ఉన్న మాట ఒక ఆదివారం తప్పినా ఎవరూ నిలదీయరు, మొదటి లైనులో ఉన్న మాట తప్పితే అదే సమీక్షగా తిరిగి వస్తుంది. అందుకని హార్బర్ దగ్గర ఉన్న వారి షెడ్డుకు ఆదివారం తెల్లవారుజామున వెళ్ళి, రద్దీ వేళ పని ఎలా జరుగుతుందో చూశాను. ముక్కలు కడిగిన వెంటనే తూస్తే అంటుకున్న నీరు కూడా కాటా మీదకు ఎక్కుతుంది. వారం మధ్యలో తీరికగా జాలీ బుట్టలో నీరు ఓడ్చి తూచేవారే, ఆదివారం ఆర్డర్లు పేరుకుపోయినప్పుడు ఆ జాలీ బుట్టను ఒక్కసారి విదిలించి కాటా మీద పెట్టేస్తున్నారు. ఫొటోలో బరువు సరిగ్గానే పడుతుంది, కానీ అందులో కొంత నీరు. వివరణ మార్చకముందే, నీరు పూర్తిగా ఓడే దాకా బుట్ట జాలీ బల్ల మీద ఉండాలన్న నియమం పెట్టించి, అది రెండు ఆదివారాలు సవ్యంగా నడిచాకనే మాటలు రాయడానికి కూర్చున్నాను.

యాప్ పెట్టినవారికి గూగుల్ ఇచ్చే ప్లే కన్సోల్‌లోని స్టోర్ లిస్టింగ్ ఎక్స్‌పెరిమెంట్స్‌లో ఇప్పుడున్న పేజీతో పాటు మూడు దాకా ప్రత్యామ్నాయాలు పెట్టి, వచ్చేవారికి వాటిని పంచి చూపవచ్చు. చిత్రాలను మాత్రమే పరీక్షించే రకం ఒకటి, భాషల వారీగా మాటలను కూడా పరీక్షించే లోకలైజ్డ్ రకం ఒకటి ఉంటాయి. మాకు కావలసింది రెండోది. నేను రెండే ప్రత్యామ్నాయాలు పెట్టాను. సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కదానికి వచ్చే జనం తగ్గిపోయి ఫలితం తేలదు. ఒక నగరానికే పరిమితమైన యాప్‌కు ఇది చిన్న విషయం కాదు.

మొదటి ప్రత్యామ్నాయం తూకాన్ని చెబుతుంది:

“కడిగి కోశాక తూచిన బరువుకే డబ్బు. తూకం ఫొటో మీ ఫోన్‌కు వస్తుంది.”

రెండోది వేళను చెబుతుంది:

“రాత్రి 10 లోపు ఆర్డర్ పెడితే ఉదయం 9 లోపు హార్బర్ చేప మీ ఇంటికి.”

రెండింటినీ కలిపి ఒకే వాక్యంగా పరీక్షించలేదు. అలా చేస్తే గెలిచినప్పుడు ఏది గెలిపించిందో తెలియదు. ఒక్కొక్క దానిలో ఒకే కారణం, ఆ కారణానికి ఒకే రుజువు ఉండేలా చూశాను. ఇంగ్లిషు పేజీలో కూడా ఇదే భావాన్ని ఇంతే క్లుప్తంగా పెట్టాం. పరీక్ష నడిచినన్నాళ్ళూ ఐకాన్, స్క్రీన్‌షాట్లు, ప్రకటనల ఖర్చు ఏవీ మార్చవద్దని కోరాను.

కొలిచే ప్రమాణంగా మొదటిసారి దించుకున్నవారిని కాక, దించుకుని కనీసం ఒక రోజు యాప్‌ను ఉంచుకున్నవారిని తీసుకున్నాను. యజమాని భయపడినట్టు ధర చూసి యాప్ తీసేసేవారు ఎక్కువైతే ఈ ప్రమాణంలో అది తెలిసిపోతుంది. ఒక రోజు చాలా తక్కువ గడువే. ధర చూసి కినుక వహించి, యాప్‌ను తీసేయకుండా మరిచిపోయేవారు ఇందులో పట్టుబడరు. అందుకని సంస్థ దగ్గర ఉన్న మొదటి ఆర్డర్ల లెక్కను కూడా పక్కన పెట్టుకుని చూశాం. చేపల వ్యాపారంలో ఆదివారానికీ మంగళవారానికీ పోలికే ఉండదు కనుక, పరీక్షను వారం మధ్యలో ఆపకుండా నిండు వారాల లెక్కన నడిపాం.

ఫలితాన్ని కన్సోల్ ఒక అంకెగా కాక, ఒక హద్దు నుంచి ఇంకో హద్దు దాకా విస్తరించిన అంచనాగా చూపుతుంది. ఆ అంచనా మైనస్ 2 శాతం నుంచి ప్లస్ 5 శాతం దాకా ఉందనుకుందాం. మధ్యలో సున్నా ఉంది కనుక, మార్పు మేలు చేసిందో కీడు చేసిందో ఇంకా చెప్పలేమని అర్థం. ‘ప్లస్ వైపే ఎక్కువ ఉంది కదా’ అని దాన్ని విజయంగా చెప్పుకోవడం తరచుగా చూస్తుంటాను, అది సరికాదు. ఇంగ్లిషు పేజీలో తూకం వాక్యానికి వచ్చిన అంచనాలో కింది హద్దు కూడా సున్నాకు పైనే నిలిచింది. వేళ వాక్యానిది సున్నాకు అటూ ఇటూ ఉండిపోయింది. తూకం వాక్యం చూసి వచ్చినవారు యాప్‌ను ఉంచుకున్నారు, మొదటి ఆర్డర్లు కూడా తగ్గలేదు.

గెలుపు తేలాక, మిగిలిన చోటులో వేళను కూడా చేర్చి షార్ట్ డిస్క్రిప్షన్‌ను ఇలా స్థిరపరిచాం:

“కడిగి కోశాక తూచిన బరువుకే డబ్బు. హార్బర్ చేప రేపు ఉదయం 9 లోపు ఇంటికి.”

ఇది 69 అక్షరాలు. మిగిలిన పదకొండు అక్షరాలను నింపాలన్న ఆత్రం అక్కరలేదు. ఫొటో మాటను ఇక్కడి నుంచి తీసి, పూర్తి వివరణలోకి పంపాను.

పూర్తి వివరణ మొదటి పేరా విషయంలో రెండు స్టోర్లకూ ఒకే రచన పనికిరాదు. ప్లే స్టోర్‌లో బాణం తాకి లోపలికి వచ్చిన మనిషి షార్ట్ డిస్క్రిప్షన్‌ను అప్పుడే చదివాడు. అతనికి మళ్ళీ అదే చెప్పకుండా, దాని వెంటనే పుట్టే అనుమానాన్ని తీర్చాలి. అందుకే అక్కడ మొదటి పేరా నేరుగా ధర దగ్గరికి వెళుతుంది: “మా కిలో ధర బజారు ధర కంటే ఎక్కువగా కనబడుతుంది. బజారు ధర నిండు చేపకు, మా ధర వండడానికి సిద్ధంగా ఉన్న ముక్కలకు.” ఆ వెంట పైన చెప్పిన వంజరం లెక్క, ఆ తరువాత తూకం ఫొటో సంగతి, ఆ తరువాత ఏయే ప్రాంతాలకు వస్తారో వస్తాయి. ఈ పేరా చూశాకే యజమాని మనసు పూర్తిగా కుదుటపడింది. ధర ఎక్కువగా కనబడుతుందన్న మాటను మనమే ముందుగా చెప్పడం వల్ల నష్టం లేదని, చెప్పకపోతేనే అనుమానం పెరుగుతుందని నా గట్టి అభిప్రాయం.

ప్లే స్టోర్ పూర్తి వివరణలోని మాటలను వెతుకులాటకు కూడా లెక్కలోకి తీసుకుంటుంది. పాత వివరణ చివర చందువ, పండుగప్ప, కానాగంతలు, కవళ్ళు, రొయ్యలు, పీతలు అంటూ పేర్లను మూడు నాలుగు సార్లు గుదిగుచ్చిన పేరా ఒకటి ఉండేది. అలా మాటలను కుక్కడం గూగుల్ నియమాలకు విరుద్ధం కనుక దాన్ని తీసేశాను. పేర్లను మాత్రం వదులుకోలేదు. ఏ చేపను వేపుడుకు ఎలా కోస్తారు, పులుసుకు ఎలా కోస్తారు అని చెప్పే వాక్యాల్లో ఒక్కొక్కసారి చొప్పున వచ్చేలా రాశాను. మార్పు తరువాత కన్సోల్‌లో వెతుకులాట పదాల నివేదికను గమనిస్తూ వచ్చాం, చేపల పేర్లతో వచ్చేవారు తగ్గిన సూచన ఏదీ కనబడలేదు.

యాప్ స్టోర్‌లో పరిస్థితి వేరు. అక్కడ వివరణను వెతుకులాటకు లెక్కించరు, దానికి 100 అక్షరాల కీవర్డ్ చోటు విడిగా ఉంది. కాబట్టి వివరణలో చదివే మనిషి గురించి తప్ప వేరే ఆలోచన అక్కరలేదు. మూడు లైన్లలో తూకం, ధర భేదం, వేళ ఈ వరుసలో వచ్చేలా పెట్టాను. నమస్కారం, సంస్థ చరిత్ర చివరకు వెళ్ళాయి. వివరణను మార్చాలంటే అక్కడ యాప్ కొత్త వెర్షన్ పంపాలి కనుక, సంస్థ ఎలాగూ పంపబోతున్న వెర్షన్‌తోనే దీన్ని కలిపాం.

ఆపిల్ వారి ప్రొడక్ట్ పేజ్ ఆప్టిమైజేషన్‌లో ఐకాన్, స్క్రీన్‌షాట్లు, వీడియోలను పరీక్షించవచ్చు కానీ వివరణలోని మాటలను పరీక్షించడం కుదరదు. మార్చక ముందు ఇంత, మార్చాక ఇంత అని పోల్చడం ఒక్కటే దారి. మన తీరంలో చేపల వ్యాపారానికి ఆ పోలిక చాలా ప్రమాదకరం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది, కార్తీక మాసంలో ఎన్నో ఇళ్ళలో చేప వండరు. కార్తీకంలో పాత వివరణను, ఆ తరువాతి నెలలో కొత్త వివరణను పెట్టి పోలిస్తే, ఎంత పేలవమైన వివరణ అయినా గెలిచినట్టే కనబడుతుంది. ప్లే స్టోర్ పరీక్షలో అన్ని ప్రత్యామ్నాయాలూ అదే రోజుల్లో పక్కపక్కన నడుస్తాయి కనుక ఈ చిక్కు లేదు. అందువల్ల యాప్ స్టోర్‌లో విడిగా ఫలితం చూపించే ప్రయత్నం చేయకుండా, ప్లే స్టోర్‌లో తేలిన కారణాన్నే అక్కడికి తీసుకువెళ్ళాం. సంస్థకు ఇచ్చిన నివేదికలో కూడా యాప్ స్టోర్ పెరుగుదల అన్న వరుసను ఖాళీగానే ఉంచాను.

తూకం వాక్యానికి నేను మొగ్గడానికి వేట నిషేధం కూడా ఒక కారణం. ‘హార్బర్ చేప’ అన్న మాట ఆ రెండు నెలలు నిలబడదు. తూకం మాట ఏడాది పొడుగునా, చెరువు చేపకైనా రొయ్యకైనా నిలబడుతుంది. అందుకే ఏప్రిల్ 15కు ముందు ప్లే స్టోర్ షార్ట్ డిస్క్రిప్షన్‌లో రెండో వాక్యాన్ని మాత్రమే మార్చి, జూన్ 14 తరువాత తిరిగి పెట్టేలా ఏర్పాటు చేశాం. యాప్ స్టోర్‌లో ప్రమోషనల్ టెక్స్ట్‌ను కొత్త వెర్షన్ లేకుండానే మార్చుకోవచ్చు కనుక, మామూలు రోజుల్లో దాన్ని ఖాళీగా వదిలి, నిషేధపు రోజులకు ఇలా సిద్ధం చేశాం. తెలుగులో దాని పాఠం ఇది, పేజీలో దీని ఇంగ్లిషు రూపం ఉంటుంది:

“కడిగి కోశాక తూచిన బరువుకే డబ్బు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. ఈ రోజుల్లో చెరువు చేపలు, రొయ్యలు దొరుకుతాయి.”

తేలని సంగతి ఒకటి మిగిలింది. లోకలైజ్డ్ పరీక్షలో తెలుగు పేజీ కనబడేది ఫోన్ భాషగా తెలుగు పెట్టుకున్నవారికే. ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని ఎందరో విశాఖవాసులు ఫోన్‌ను ఇంగ్లిషులోనే ఉంచుకుంటారు, అందువల్ల తెలుగు పేజీకి వచ్చినవారు ఫలితం తేలడానికి చాలలేదు. అంచనా వారాలు గడిచినా సున్నాకు అటూ ఇటూనే విస్తరించి ఉంది. తూకం గురించిన ప్రశ్నలు వచ్చిన కాల్స్ అన్నీ తెలుగులోనే వచ్చాయన్న ఆధారంతో అక్కడ కూడా అదే వాక్యాన్ని పెట్టాం. ఇది పరీక్ష ఇచ్చిన తీర్పు కాదని, మా నిర్ణయమని నివేదికలో స్పష్టంగా రాశాను. పెందుర్తి, కూర్మన్నపాలెం వైపు డెలివరీ మొదలయ్యాక తెలుగు పేజీకి వచ్చేవారు పెరిగితే, అప్పుడు పాత వాక్యాన్ని పక్కన పెట్టి తూకం వాక్యాన్నీ వేళ వాక్యాన్నీ మాత్రమే ఎదురెదురుగా నడపాలని అనుకున్నాం.